పీడీఎఫ్ బరువంతా బొమ్మల్లోనే

రోజువారీ డేటా అయిపోయాక చాలా మొబైల్ ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగిపోదు. సెకనుకు 64 కిలోబిట్ల వేగానికి పడిపోతుంది. బైట్లలో చెప్పుకుంటే సెకనుకు 8 కిలోబైట్లు. వాట్సాప్‌లో నాలుగు మాటలు రాసి పంపడానికి ఆ వేగం చాలు. అదే సమయంలో ఎవరైనా 24 మెగాబైట్ల పీడీఎఫ్ పంపితే, అది ఫోన్‌లోకి దిగడానికి లెక్క ప్రకారం 51 నిమిషాలు కావాలి. మధ్యలో సిగ్నల్ పోతే కొన్నిసార్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. టవర్‌కి దూరంగా ఉన్న ఏజెన్సీ ఊళ్లలోనైతే డేటా మిగిలి ఉన్నా వేగం ఇంతకు మించని పూటలు ఉంటాయి.

ఆ 24 మెగాబైట్లలో మనం చదవాల్సిన అక్షరాల వాటా ఎంత? బొమ్మలు ఎక్కువున్న పుస్తకాల్లో అర మెగాబైటు కూడా ఉండదు. మిగతాదంతా ఫొటోలే. ఆ ఫొటోలను తీసేసి, అక్షరాలను ఉన్నచోట ఉన్నట్టే ఉంచి, కొత్త పీడీఎఫ్ తయారు చేయొచ్చు. ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో ఒక్క ఆదేశంలో అయిపోయే పని ఇది. అయితే ఏ పుస్తకం మీద పడితే ఆ పుస్తకం మీద దీన్ని ప్రయోగిస్తే అక్షరాలు కూడా పోతాయి. తెలుగు పీడీఎఫ్‌లలో ఆ ప్రమాదం కాస్త ఎక్కువే.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. పేజీ మనకు ఒకే ముద్దలా కనిపించినా, ఫైల్ లోపల అలా ఉండదు. పాత అచ్చాఫీసులో పేజీ కట్టడం చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. అక్కడ అక్షరాలు కేసులోంచి ఏరిన టైపు, బొమ్మలు విడిగా చేయించిన బ్లాకులు. రెండూ ఒకే చట్రంలో బిగించినా, బ్లాకు ఊడదీస్తే టైపు చెదరదు. పీడీఎఫ్ పేజీ కూడా ఒక ఆదేశాల చిట్టా. ‘ఫలానా ఫాంటు తీసుకో, ఇన్ని పాయింట్ల దూరంలో ఫలానా నంబరు అక్షర రూపం పెట్టు, ఇక్కడ ఒక గీత గియ్యి, ఇక్కడ ఫలానా బొమ్మ పెట్టు’ అని వరసగా రాసి ఉంటుంది. బొమ్మ మాత్రం ఫైల్‌లో ఇంకోచోట విడిగా ఉంటుంది.

బరువులో తేడా ఎందుకంత అంటే, అక్షరానికి చిట్టాలో కొద్ది బైట్లు చాలు. ఒక పేజీ నిండా తెలుగు వచనం ఉన్నా, కుదించాక ఆ చిట్టా ఐదారు కిలోబైట్లకు మించదు. ఫాంటును ఫైల్ మొత్తానికి ఒక్కసారే పెడతారు. ఫొటోలో మాత్రం ప్రతి చుక్కకూ రంగు రాయాలి. ఐదు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవు ఉన్న ఫొటోను అచ్చుకు కావాల్సిన అంగుళానికి 300 చుక్కల లెక్కన పెడితే 31 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు వేసుకోండి. జేపెగ్ పద్ధతిలో పదో వంతుకు కుదించినా, ఒక్క ఫొటో 900 కిలోబైట్లు తూగుతుంది. ఆ నాణ్యత ప్రెస్సుకు కావాలి. ఫోన్ తెర మీద దానిలో సగం కూడా కంటికి ఆనదు. మన సంస్థలు చాలావరకు ప్రెస్సుకు పంపిన ఫైలునే వెబ్‌సైట్‌లోనూ పెట్టేస్తాయి, చిక్కంతా అక్కడే.

‘బొమ్మలు వద్దనుకుంటే అక్షరాలను కాపీ చేసి వాట్సాప్ సందేశంగానే పంపొచ్చుగా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంగ్లిష్ పుస్తకమైతే నిజమే. తెలుగు దగ్గర అది తరచూ కుదరదు. మన పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి అను స్క్రిప్ట్, శ్రీలిపి లాంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఇప్పటికీ కొన్ని అలాగే తయారవుతున్నాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది గానీ, కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల వరస వస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ వచ్చినదాన్ని కూర్చుని సరిదిద్దుకోవాలి. యూనికోడ్‌లోనే తయారైన ఫైళ్లలోనూ కాపీ చేసినప్పుడు ఒత్తులు పక్క అక్షరానికి జారడం, గుణింతాలు విడిపోవడం మామూలే. పీడీఎఫ్ దాచుకునేది అక్షర రూపం నంబరును. ఆ నంబరుకు ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే పట్టిక దానికి తోడుగా ఉండాలి. ఆ పట్టిక అసలు లేకపోయినా, తప్పుగా ఉన్నా తెర మీద తేడా తెలియదు. కాపీ చేసినప్పుడే బయటపడుతుంది.

అందుకే తెలుగుకు తగిన దారి అక్షరాలను పీడీఎఫ్‌లోంచి బయటికి లాగడం కాదు, బొమ్మలను బయటికి తోసేయడం. ఫాంటు ఫైల్‌లోనే ఉండిపోతుంది కాబట్టి అను స్క్రిప్ట్ పేజీ కూడా అవతలివాళ్ల ఫోన్‌లో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. పేజీ నంబర్లు మారవు. ‘23వ పేజీ రెండో పేరా చూడండి’ అంటే అసలు ప్రతి ఉన్నవాళ్లూ తేలిక ప్రతి ఉన్నవాళ్లూ ఒకేచోట చూస్తారు.

ఉదాహరణకి 40 పేజీల వరి సాగు కరదీపిక ఒకటి తీసుకుందాం. పరిమాణం 24 మెగాబైట్లు, ఫైల్ పేరు `vari.pdf`. దాని మీద చెయ్యి వేసేముందు అందులో అక్షరాలు నిజంగా అక్షరాలేనా అని చూడాలి. కంప్యూటర్లో తెరిచి ఒక వాక్యం మీద మౌస్ లాగండి. పదాలు ఒక్కొక్కటిగా నీలం రంగులోకి మారుతుంటే అవి అక్షరాలే. పేజీ మొత్తం ఒక్క చతురస్రంలా మారినా, అసలేమీ మారకపోయినా అనుమానించాలి. అప్పుడు పేజీని ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూడండి. అంచులు మెట్లు మెట్లుగా, మసగ్గా కనిపిస్తే అది స్కాన్ చేసిన ఫొటో. అంచులు పదునుగానే ఉండి మౌస్‌కి మాత్రం దొరకకపోతే, ప్రెస్సులో ఫాంటు లేకపోయినా ఇబ్బంది రాకూడదని డీటీపీ చేసినవాళ్లు అక్షరాలను గీతలుగా మార్చేశారని అర్థం. డీటీపీ సెంటర్లలో దీన్ని ‘కర్వ్స్ చేయడం’ అంటారు.

తర్వాత బరువు ఎక్కడుందో చూడాలి. పాప్లర్ అనే ఉచిత ప్రోగ్రాముల కట్టలో `pdfimages` అని ఒకటుంది. కమాండ్ విండోలో ఇలా టైప్ చేయాలి:

```
pdfimages -list vari.pdf
```

ఫైల్‌లో ఉన్న బొమ్మలన్నీ పేజీల వారీగా వరసలుగా వస్తాయి. ఒక్కో వరసలో బొమ్మ వెడల్పు, ఎత్తు, అంగుళానికి ఎన్ని చుక్కలు, చివర్లో పరిమాణం ఉంటాయి. మన కరదీపికలో ముందు అట్ట, వెనక అట్ట చెరో 2.2 మెగాబైట్లు. లోపల 23 ఫొటోలు, ఒక్కోటీ సగటున 800 కిలోబైట్లు. అక్కడే దాదాపు 23 మెగాబైట్లు తేలిపోయాయి. ఈ జాబితా చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ప్రతి పేజీ పైనా అచ్చయ్యే సంస్థ గుర్తు 40 సార్లు కనిపిస్తుంది గానీ, ఫైల్‌లో ఉండేది ఒక్క ప్రతే. `object` అనే నిలువు వరసలో అన్నింటికీ ఒకే నంబరు ఉంటే దాన్ని ఒక్కసారే లెక్కేసుకోవాలి.

ఆ కట్టలోనే ఉన్న `pdffonts` తో ఫాంట్లను కూడా చూడటం మంచిది. `emb` అనే వరసలో `yes` ఉంటే ఫాంటు ఫైల్ లోపలే ఉంది. `no` ఉంటే లేదు. డీటీపీ చేసిన కంప్యూటర్లో ఆ ఫాంటు ఉంటుంది కాబట్టి వాళ్లకు బాగానే కనిపిస్తుంది. మీ దగ్గర కొత్త ప్రతి తయారయ్యేసరికి దాని బదులు ఇంకో ఫాంటు వచ్చి కూర్చుని, తెలుగంతా ఇంగ్లిష్ గుర్తులైపోతుంది. అలాంటి ఫైల్‌కి మందు బొమ్మలు తీయడం కాదు. తయారుచేసినవాళ్లను అడిగి ఫాంట్లు కలిపిన ప్రతి తెప్పించుకోవాలి.

ఇక అసలు పని. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాము 1988 నుంచీ ఉంది. పీడీఎఫ్, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్లను చదివి మళ్లీ రాయడం దాని పని. విండోస్‌కీ, లినక్స్‌కీ ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంటే అందులోనూ ఎక్కించుకోవచ్చు. ఆదేశం ఇది:

```
gs -o vari-text.pdf -sDEVICE=pdfwrite -dFILTERIMAGE vari.pdf
```

విండోస్‌లో `gs` బదులు `gswin64c` అని టైప్ చేయాలి. `-o` తర్వాత ఉన్నది కొత్త ఫైల్ పేరు, చివర ఉన్నది పాత ఫైల్ పేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టకండి, చదువుతున్న ఫైల్ మీదే రాయబోయి అసలుకే మోసం వస్తుంది. మధ్యలోని `-dFILTERIMAGE` మాటే ఇక్కడ కీలకం. ఘోస్ట్‌స్క్రిప్ట్ ప్రతి పేజీ చిట్టానూ మొదటి నుంచి చదువుతూ, అక్షరం పెట్టమన్న ఆదేశాలనూ గీత గియ్యమన్న ఆదేశాలనూ కొత్త ఫైల్‌లోకి దాటిస్తుంది. బొమ్మ పెట్టమన్న ఆదేశం వచ్చినప్పుడల్లా దాన్ని మింగేస్తుంది. పిలిచేవాళ్లు లేని బొమ్మలు కొత్త ఫైల్‌లోకి రావు.

మన కరదీపిక ఇలా అర మెగాబైటుకు దిగుతుంది. సెకనుకు 8 కిలోబైట్ల వేగంలో 51 నిమిషాలు పట్టేది ఒక నిమిషం చిల్లరలో వచ్చేస్తుంది. కొత్త ఫైల్ మీద మళ్లీ `pdfimages -list` నడిపితే పై తలకట్టు తప్ప కింద ఒక్క వరస కూడా రాకూడదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు పేజీలన్నీ ఒక్కసారి తిరగేయాలి. ఈ పని ఎగ్గొట్టి ఫైల్‌ను గ్రూపులో పెట్టేసేవాళ్లే ఎక్కువ, అందుకే ‘మీరు పంపిందాంట్లో సగం ఖాళీగా ఉంది’ అని జవాబులొస్తాయి.

అట్ట ఖాళీ అవుతుంది, అది పెద్ద నష్టం కాదు. ఫొటోలున్న చోట తెల్లటి జాగాలు, వాటి కింద వ్యాఖ్యలు మిగులుతాయి, అదీ ఫర్వాలేదు. 9వ పేజీ మాత్రం పూర్తిగా తెల్లగా వచ్చింది. అసలు ప్రతిలో ఆ పేజీ నిండా పచ్చటి పొలం ఫొటో, దాని మీద తెల్లటి అక్షరాల్లో అధ్యాయ పరిచయం ఉన్నాయి. ఫొటో పోయింది. అక్షరాలు ఎక్కడికీ పోలేదు, తెల్ల కాగితం మీద తెల్లగా ఉన్నాయి. కంట్రోల్-ఏ కొట్టి చూస్తే వాటి నీడలు కనిపిస్తాయి. ఖాళీగా కనిపించిన ప్రతి పేజీ మీదా ఈ పరీక్ష చేయాలి. వెనకున్నది ఫొటో కాకుండా రంగు నింపిన డబ్బా అయితే ఈ బాధ ఉండదు. అలాంటి డబ్బాను పీడీఎఫ్ గీతల జాతిలో లెక్కేస్తుంది కాబట్టి అది అలాగే నిలబడుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైంది 27వ పేజీ. ఏ తెగులుకు ఏ మందు, లీటరు నీటికి ఎన్ని గ్రాములు అని చెప్పే పట్టిక ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో ఎక్సెల్‌లో చేసిన పట్టికను స్క్రీన్‌షాట్ తీసి అతికించారు. అది చూడటానికి అక్షరాల్లా ఉన్నా, ఫైల్ దృష్టిలో ఫొటోయే. లెక్కల పుస్తకాల్లో సూత్రాలు, పత్రికల్లో ముచ్చటగా దిద్దిన శీర్షికలు కూడా తరచూ ఇలా బొమ్మలుగానే ఉంటాయి. తెల్లటి అక్షరాల పేజీ బోసిగా కనిపించి పట్టిస్తుంది. ఇది అలా పట్టించదు. పైన వచనం, కింద వచనం సవ్యంగా ఉండి మధ్యలో పట్టిక లేకపోతే, అసలు ప్రతిని చూడని రైతుకు అక్కడ ఏదో పోయిందన్న సంగతే తెలియదు. అసలు ప్రతిని పక్కనే తెరిచి పెట్టుకుని పోల్చడం తప్ప దీనికి ఇంకో ఉపాయం లేదు.

మూడో రకం నష్టం అర్థానికి జరిగేది. 14, 15 పేజీల్లో అగ్గి తెగులు, పొడ తెగులు ఫొటోలున్నాయి. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిద రంగు అని వచనంలో రాసి ఉన్నా, తన చేలో ఉన్నది ఏదో రైతు తేల్చుకునేది ఫొటో చూసే. ఆ రెండు బొమ్మలు లేని కరదీపిక కొంతవరకే పనికొస్తుంది. మిగతా ఇరవై ఒక్క ఫొటోలు, అంటే వరుసగా నిలబడ్డ అధికారులు, ట్రాక్టరు, సూర్యోదయం, లేకపోయినా నష్టమేమీ లేదు.

కాబట్టి బొమ్మలన్నీ తీసేయడం, అన్నీ ఉంచేయడం కాకుండా మధ్యే దారి పట్టాలి. బొమ్మలు తీయకుండా వాటి చుక్కలు మాత్రమే తగ్గించిన ప్రతులు ఘోస్ట్‌స్క్రిప్ట్‌తోనే ఇంకో రెండు తయారు చేసుకుందాం:

```
gs -o vari-ebook.pdf -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook vari.pdf
gs -o vari-screen.pdf -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/screen vari.pdf
```

మొదటిది ఫొటోలను అంగుళానికి 150 చుక్కలకు దించుతుంది, రెండోది 72కు. 300 నుంచి 150కి దిగితే నిలువునా సగం, అడ్డంగా సగం, అంటే చుక్కలు నాలుగో వంతుకు తగ్గుతాయి. 800 కిలోబైట్ల ఫొటో సుమారు 200కు వస్తుంది. తెగుళ్ల ఫొటోలకూ, మందుల పట్టికకూ ఇది సరిపోతుంది. పట్టికలో అంకెలు చిన్నగా ఉంటే మాత్రం పెద్దది చేసి చూసి, 3కీ 8కీ తేడా తెలుస్తోందో లేదో గమనించండి. తెలియకపోతే ఆ ఒక్క పేజీని అసలు ప్రతిలోంచే తీసుకోవాలి.

పొలం ఫొటో ఉన్న 9వ పేజీకి 72 చుక్కల ప్రతి చాలు. ఆ ఫొటో పని తెల్ల అక్షరాల వెనక పచ్చగా ఉండటమే, ఎంత మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. పైనున్న అక్షరాలు ఫొటోలో భాగం కావు కాబట్టి వాటి పదును ఏమాత్రం తగ్గదు. ఈ తేడా కళ్లతో చూసేదాకా చాలామంది నమ్మరు.

ఇప్పుడు మూడు ప్రతుల్లోంచి కావాల్సిన పేజీలు ఏరి కుట్టాలి. దానికి క్యూపీడీఎఫ్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది:

```
qpdf --empty --pages vari-text.pdf 1-8 vari-screen.pdf 9 \
  vari-text.pdf 10-13 vari-ebook.pdf 14-15 vari-text.pdf 16-26 \
  vari-ebook.pdf 27 vari-text.pdf 28-40 -- vari-final.pdf
```

వరస చివర ఉన్న వాలు గీత ‘ఆదేశం కింది వరసలో కొనసాగుతోంది’ అని లినక్స్‌కి చెప్పే గుర్తు. విండోస్‌లో ఆ గీతలు తీసేసి అంతా ఒకే వరసలో టైప్ చేయాలి. మూడు ప్రతుల ఫాంట్లూ వేటికవే వచ్చి చేరతాయి కాబట్టి పరిమాణం లెక్కకన్నా కొంచెం ఎక్కువే తేలుతుంది. అయినా మొత్తం 1.3 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. 64 కిలోబిట్ల వేగంలోనూ మూడు నిమిషాల లోపు దిగిపోతుంది.

ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో `-dFILTERVECTOR` అని ఇంకో మాట ఉంది. గీతలు, రంగు డబ్బాలు, గీసిన పటాలు తీసేయడానికి వాడతారు. దాన్ని చూడగానే ఇది కూడా తగిలిస్తే ఇంకా తేలికవుతుంది కదా అనిపిస్తుంది. జిల్లా సర్వే పటాల్లాంటివి ఉన్న నివేదికల్లో నిజంగానే బరువు ఫొటోల్లో కాక గీతల్లో ఉంటుంది, అక్కడ పనికొస్తుంది. కానీ పట్టికల గళ్లు కూడా దాంతోనే పోతాయి. గళ్లు లేని అంకెల పట్టికను ఫోన్‌లో చదవడం నరకం. ఇందాక చెప్పిన కర్వ్స్ చేసిన తెలుగు పుస్తకం మీద ప్రయోగిస్తే, గీతలుగా మారిన అక్షరాలన్నీ తుడిచిపెట్టుకుపోయి తెల్ల కాగితాలే మిగులుతాయి. అలాంటి పుస్తకాలకు `-dFILTERIMAGE` ఒక్కటే వాడాలి.

స్కాన్ చేసిన పుస్తకాల సంగతి వేరు. పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో ఎక్కువగా ఈ రూపంలోనే దొరుకుతాయి. వాటిలో పేజీ అంటే ఒక ఫొటో, అంతే. బొమ్మలు తీసేస్తే పుస్తకమే ఉండదు. కొన్ని స్కాన్లలో ఫొటో వెనక కంప్యూటర్ గుర్తుపట్టిన అక్షరాలను కనిపించకుండా పరిచి ఉంచుతారు, వెతకడానికి వీలుగా. మౌస్ లాగితే పదాలు నీలమవుతాయి కాబట్టి ఇవి మన మొదటి పరీక్షను దాటేస్తాయి. తీరా ఫొటో తీసేశాక పేజీ ఖాళీగా కనిపిస్తుంది. పెద్దది చేసి చూసే రెండో పరీక్ష ఇక్కడే అక్కరకొస్తుంది. దాగి ఉన్న ఆ అక్షరాలను `pdftotext` తో విడిగా ఫైల్‌లోకి తీసుకోవచ్చు. అయితే తెలుగులో మ-య, ప-వ లాంటి జంటలు తారుమారవడం, ఒత్తులు ఎగిరిపోవడం ఉంటుంది. కథ చదువుకోవడానికి సర్దుకోవచ్చు, మందుల మోతాదుకు మాత్రం నమ్మొద్దు.

స్కాన్‌కి సరైన మందు బొమ్మ తీయడం కాదు, దాన్ని నలుపు-తెలుపు చేయడం. రంగుల్లోనో బూడిద ఛాయల్లోనో స్కాన్ చేసిన ఏ4 పేజీని అంగుళానికి 200 చుక్కలతో, చుక్కకు ఒక్క బిట్ చొప్పున, పాత ఫ్యాక్స్ యంత్రాలు వాడిన కుదింపు పద్ధతిలో భద్రపరిస్తే 30 నుంచి 50 కిలోబైట్లకు దిగుతుంది. దీనికన్నా ఇంకా కుదించే జేబిగ్2 అనే పద్ధతి ఉంది. అందులో ఒక రకం, ఒకేలా ఉన్న అక్షరాలను ఒకే రూపంతో భర్తీ చేసి చోటు మిగులుస్తుంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్, కొన్ని జెరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో 6 ఉన్నచోట 8 వస్తోందని బయటపెట్టింది ఈ పద్ధతి వల్లే. అంకెలున్న కాగితాలకు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఆదేశాలు టైప్ చేయడం ఇష్టంలేనివాళ్లు పీడీఎఫ్ ఎడిటర్‌లో బొమ్మ మీద నొక్కి డిలీట్ చేస్తుంటారు. నాలుగైదు బొమ్మలైతే అదీ సరే. కానీ సేవ్ చేశాక ఫైల్ పరిమాణం తగ్గిందో లేదో చూడండి. పీడీఎఫ్‌లో మార్పులను పాత ఫైల్ చివర అతికించే పద్ధతి ఒకటి ఉంది. అలా సేవ్ అయితే బొమ్మ తెర మీద కనిపించదు గానీ ఫైల్‌లో పాతదంతా అలాగే ఉంటుంది, పైగా కొత్త మార్పుల బరువు కలుస్తుంది. ‘సేవ్ యాజ్’ కొట్టి కొత్త పేరుతో రాయిస్తే చాలా ఎడిటర్లు పాత సరుకును వదిలేస్తాయి. ఇక బొమ్మలు తీసిపెట్టే వెబ్‌సైట్లున్నాయి. వాటికి ముందు ఆ 24 మెగాబైట్లూ అప్‌లోడ్ చేయాలి. నెట్ నెమ్మదిగా ఉందనే కదా ఈ తిప్పలన్నీ!

డిజిటల్ సంతకం ఉన్న ధ్రువపత్రాల మీద ఇదేదీ చేయకండి. ఘోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌ను కొత్తగా రాస్తుంది కాబట్టి సంతకం చెల్లదు. నింపాల్సిన గళ్లున్న దరఖాస్తు ఫారాలదీ దాదాపు అదే పరిస్థితి. పేజీ కనిపిస్తుంది, గళ్లలో టైప్ చేయడం కుదరకపోవచ్చు. చూపులేనివాళ్ల కోసం లోపల గుర్తులు పెట్టి తయారుచేసిన పుస్తకాల్లో ఆ గుర్తులు పోయే అవకాశం ఉంది. వాళ్లకు అసలు ప్రతే పంపాలి, లేదా వచనం యూనికోడ్‌లో ఉంటే మామూలు టెక్స్ట్ ఫైల్ ఇవ్వాలి.

ఫైల్‌ను వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు చివరగా ఇంకొక్క పని చేయొచ్చు:

```
qpdf --linearize vari-final.pdf vari-web.pdf
```

దీంతో బరువు తగ్గదు. మొదటి పేజీకి కావాల్సిన సరుకంతా ఫైల్ ముందుకు వస్తుంది. సర్వర్ ముక్కలుముక్కలుగా పంపగలిగితే, బ్రౌజర్లో మొత్తం దిగకముందే మొదటి పేజీ తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో పంపేవాళ్లకు దీనివల్ల లాభం లేదు, అది ఫైల్ మొత్తం దిగాకే తెరుస్తుంది. వాళ్లు చేయాల్సింది వేరే. ఫైల్ పేరులోనే `bommalu-levu` అనో, మరోలాగో తెలిసేలా పెట్టి, ఏ పేజీల్లో ఏ బొమ్మలు తీసేశారో, అసలు ప్రతి ఎక్కడ దొరుకుతుందో సందేశంలో రెండు ముక్కలు రాయాలి. తేలిక ప్రతి ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరుగుతూ పోతుంది. నాలుగో గ్రూపు దాటాక మీరు రాసిన సందేశం వెంట ఉండదు గానీ, ఫైల్ పేరు చాలావరకు అలాగే వెళ్తుంది.